సంక్రాంతి దాటినా పొద్దు ఆలస్యంగానే ఎందుకు పొడుస్తుంది? పగటి నిడివి, అక్షాంశం, గోంగూర మొగ్గ

గోంగూర వీడియో చూసి తెనాలి వైపు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. అర ఎకరంలో అక్టోబర్ మొదటి వారంలో గోంగూర చల్లాడట. నవంబర్ సగానికి మొక్క మోకాలెత్తు కూడా రాకుండానే మొగ్గ వేసేసింది. ఒక్క కోత అయ్యాక ఆకు చిన్నదైపోయి, కాడ ముదిరిపోయింది. జూన్‌లో అదే షాపులో, అదే సంచిలో తెచ్చిన విత్తనం వేస్తే మూడు నెలలు ఆకు కోసుకున్నాడు. "విత్తనం కల్తీ అన్నా, షాపువాణ్ని వదిలిపెట్టను" అంటున్నాడు.

విత్తనంలో తప్పేం లేదు, మారింది పొద్దు అని చెప్పాను. అప్పుడు అతను ఇంకో మాట అడిగాడు. "డిసెంబర్ 21 కదా అన్నింటికంటే చిన్న పగలు? మరి మా దగ్గర నవంబర్‌లోనే తొందరగా చీకటి పడుతుంది, జనవరిలో మాత్రం ఆలస్యంగా తెల్లారుతుంది. ఇదెక్కడి లెక్క?"

మంచి ప్రశ్న. చాలామంది రైతులు గమనిస్తారు గానీ, నేను చూస్తున్నదే తప్పేమో అని ఊరుకుంటారు. తప్పేం కాదు, మీరు చూసింది నిజమే. ఈ పోస్టులో ఆ లెక్కంతా విప్పి చెప్తాను. వీడియోలో బత్తాయి, టార్చిలైటు పెట్టి చూపించాను, చదువుతూ అది కూడా చూడండి. సగం తేలిగ్గా అర్థమైపోతుంది.

ముందు బత్తాయి సంగతి

ఒక బత్తాయి కాయకి నడిమధ్యలో పుల్ల గుచ్చండి. పుల్ల భూమి ఇరుసు, కాయ భూమి. చీకటి గదిలో ఒక పక్క నుంచి టార్చి కొట్టండి. కాయలో ఎప్పుడూ సరిగ్గా సగం వెలుగులో ఉంటుంది, సగం చీకట్లో ఉంటుంది. ఇది ఏ నెలలోనూ మారదు.

ఇప్పుడు కాయకి మూడు రబ్బరు బ్యాండ్లు పెట్టండి. ఒకటి నడుము దగ్గర, అది భూమధ్యరేఖ. ఒకటి దానికి కాస్త పైన, అది మనం. ఇంకోటి బాగా పైన, లండన్ అనుకోండి. కాయ తిరిగేటప్పుడు ఒక్కో ఊరు రోజంతా తన బ్యాండు మీదే ప్రయాణం చేస్తుంది. ఆ బ్యాండులో ఎంత భాగం వెలుగులో ఉందో అంతే ఆ ఊరి పగలు.

పుల్ల నిటారుగా ఉంటే మూడు బ్యాండ్లూ సగం సగమే తెగుతాయి. అప్పుడు ఏడాదంతా, ప్రపంచమంతా 12 గంటల పగలే. కానీ భూమి ఇరుసు 23.4 డిగ్రీలు వాలి ఉంది. సూర్యుడి చుట్టూ తిరుగుతున్నంతసేపూ ఆ వాలు ఆకాశంలో ఒకే దిక్కుకి ఉంటుంది, దాదాపు ధ్రువనక్షత్రం వైపు. దాంతో జూన్‌లో ఉత్తరపు కొస సూర్యుడి వైపు వాలుతుంది, డిసెంబర్‌లో అదే కొస సూర్యుడికి ఎడంగా పోతుంది. పుల్లని టార్చి వైపు వంచి చూడండి. పై బ్యాండులో వెలుగు భాగం బాగా పెరుగుతుంది. మన బ్యాండులో కొంచెం పెరుగుతుంది. నడుము బ్యాండు మాత్రం ఎంత వంచినా సగం సగమే తెగుతుంది.

అక్షాంశాన్ని బట్టి తేడా రావడానికి కారణం ఇంతే. వాలు అందరికీ ఒకటే. భూమధ్యరేఖకి మీరు ఎంత దూరంలో ఉన్నారన్నదాన్ని బట్టి ఆ వాలు మీ పగటిని ఎంత కోస్తుందో, ఎంత కలుపుతుందో తేలుతుంది.

ఒక మాట మధ్యలో చెప్పాలి. వేసవిలో భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుంది కాబట్టి ఎండ అని ఇప్పటికీ కొందరు చెప్తుంటారు. అది తప్పు. భూమి సూర్యుడికి అన్నింటికంటే దగ్గరగా వచ్చేది జనవరి మొదటి వారంలో, మనం దుప్పటి కప్పుకున్నప్పుడు. అయితే ఈ దగ్గర, దూరం సంగతి పూర్తిగా పక్కన పెట్టకండి, తర్వాత దానితో పని పడుతుంది.

ఎవరికి ఎంత పగలు

విజయవాడ అక్షాంశం సుమారు 16.5 డిగ్రీలు. అక్కడ జూన్ 21న పగలు 13 గంటల 7 నిమిషాలు, డిసెంబర్ 21న 11 గంటల 9 నిమిషాలు. తేడా దాదాపు రెండు గంటలు. తిరువనంతపురంలో ఇదే తేడా ఒక గంట మాత్రమే. ఢిల్లీలో మూడున్నర గంటలు దాటుతుంది. లండన్‌లో అయితే జూన్ పగలు పదహారున్నర గంటలకి పైన, డిసెంబర్ పగలు ఎనిమిది గంటలకి లోపు.

మీ ఊరి లెక్క మీరే వేసుకోవచ్చు. ఫోన్ కాలిక్యులేటర్‌ని పక్కకి తిప్పితే సైన్, కాస్, ట్యాన్ బటన్లు వస్తాయి. డిగ్రీల్లో పెట్టుకోండి. సూత్రం ఇది:

```
cos H = − tan(అక్షాంశం) × tan(సూర్యుడి వాలు)
పగలు (గంటల్లో) = 2 × H ÷ 15
```

సూర్యుడి వాలు అంటే ఆ రోజు సూర్యుడు భూమధ్యరేఖకి ఎన్ని డిగ్రీలు ఉత్తరంగా, లేదా దక్షిణంగా ఉన్నాడో అది. జూన్ 21న +23.4, మార్చి 20, సెప్టెంబర్ 22 ప్రాంతంలో 0, డిసెంబర్ 21న −23.4. విజయవాడకి డిసెంబర్ లెక్క చూద్దాం. 16.5 ట్యాన్ 0.296, 23.4 ట్యాన్ 0.433. గుణిస్తే 0.128. దాని కాస్ విలోమం సుమారు 82.6 డిగ్రీలు. రెట్టింపు చేసి 15తో భాగిస్తే 11 గంటల 1 నిమిషం వస్తుంది.

పైన 11 గంటల 9 నిమిషాలు అన్నాను కదా, ఆ ఎనిమిది నిమిషాలు ఎక్కడివి? ఈ సూత్రం సూర్యుడిని ఒక చుక్కలా చూస్తుంది. నిజానికి సూర్యుడి పై అంచు కనపడగానే మనం పొద్దు పొడిచింది అంటాం. పైగా గాలి పొర వెలుతురుని వంచుతుంది కాబట్టి, సూర్యుడు ఇంకా దిగంతానికి కొద్దిగా కిందే ఉన్నా మనకి పైకి వచ్చినట్టు కనపడతాడు. రెండు చివర్లా కలిపి మన ప్రాంతంలో ఏడెనిమిది నిమిషాలు పగటికి కలిసొస్తాయి. అందుకే సెప్టెంబర్ 22న పగలు, రాత్రి సమానం అని పుస్తకంలో ఉన్నా, విజయవాడలో సరిగ్గా 12 గంటల పగలు వచ్చేది అక్టోబర్ 1 దగ్గర్లో.

ఇంకో విషయం, పగలు ఏ నెలలో ఎంత వేగంగా మారుతుందన్నది. మార్చి, సెప్టెంబర్ నెలల చివర్లో మార్పు ఎక్కువ. అప్పుడు కూడా మన దగ్గర రోజుకి ఒక నిమిషం కంటే కొంచెం తక్కువే. లండన్‌లో అదే రోజుల్లో రోజుకి దాదాపు నాలుగు నిమిషాలు. జూన్, డిసెంబర్ నెలల చివర్లో మాత్రం ఎక్కడైనా పగటి నిడివి కొన్ని రోజులు దాదాపు కదలకుండా నిలబడుతుంది, ఊయల చివరికి వెళ్లి ఒక్క క్షణం ఆగినట్టు.

శ్రీకాకుళం, అనంతపురం

అక్షాంశం ఏం చేస్తుందో మన రాష్ట్రంలోనే చక్కగా కనపడుతుంది. శ్రీకాకుళం తూర్పున, కొంచెం ఉత్తరంగా ఉంది. అనంతపురం పడమరన, కొంచెం దక్షిణంగా ఉంది. రెండింటికీ రేఖాంశంలో ఆరు డిగ్రీల పైచిలుకు తేడా. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది కాబట్టి శ్రీకాకుళంలో పొద్దు సుమారు 25 నిమిషాలు ముందు నడుస్తుంది. గడియారం మాత్రం ఇద్దరికీ ఒకటే.

అయితే ఏడాదంతా తేడా 25 నిమిషాలే ఉండాలి కదా? ఉండదు. జూన్ 21న శ్రీకాకుళంలో పొద్దు 5:19కి పొడిస్తే, అనంతపురంలో 5:51కి పొడుస్తుంది, 32 నిమిషాల తేడా. అదే రోజు సాయంత్రం శ్రీకాకుళంలో 6:33కి, అనంతపురంలో 6:51కి కుంకుతుంది, తేడా 18 నిమిషాలే. డిసెంబర్‌కి వచ్చేసరికి ఇది తిరగబడుతుంది. పొద్దున తేడా 18 నిమిషాలు, సాయంత్రం 32 నిమిషాలు.

ఎందుకంటే శ్రీకాకుళం మూడున్నర డిగ్రీలు ఉత్తరంగా ఉంది కాబట్టి జూన్‌లో దాని పగలు 14 నిమిషాలు పెద్దది. ఆ పద్నాలుగు పొద్దున ఏడు, సాయంత్రం ఏడుగా పంచుకుంటాయి. 25కి ఏడు కలిస్తే 32, ఏడు పోతే 18. తూర్పు పడమరల వల్ల వచ్చే తేడా ఏడాదంతా స్థిరంగా ఉంటుంది, ఉత్తర దక్షిణాల వల్ల వచ్చేది నెలలతో పాటు మారుతుంది. ఒక ఊరి పంచాంగంలో ఉన్న సూర్యోదయానికి ఏడాదంతా ఒకే నిమిషాలు కలిపి మన ఊరికి వాడుకుంటే ఇక్కడే తేడా కొడుతుంది.

నవంబర్ చీకటి, జనవరి తెల్లారడం

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకి వద్దాం. విజయవాడలో నాలుగు తేదీలు చూడండి. నవంబర్ 22 ప్రాంతంలో పొద్దు సాయంత్రం 5:32కి కుంకుతుంది. ఏడాది మొత్తానికి అదే ముందు. డిసెంబర్ 21కి, అంటే పగలు అన్నింటికంటే చిన్నగా ఉన్న రోజుకి, అది అప్పటికే 5:40 అయిపోయింది. ఇక పొద్దున చూస్తే డిసెంబర్ 21న 6:31కి పొడుస్తుంది, అక్కడితో ఆగకుండా వెనక్కి జరుగుతూనే ఉంటుంది. సంక్రాంతికి 6:39. జనవరి 20 ప్రాంతంలో 6:40 దగ్గర ఆగి, అప్పుడు ముందుకి రావడం మొదలవుతుంది.

అంటే డిసెంబర్ 21 తర్వాత పగలు పెరుగుతోంది, నిజమే. కానీ పెరిగేదంతా సాయంత్రం వైపే. పొద్దున పూట ఇంకా తగ్గుతూనే ఉంది.

దీనికి కారణం వాలు ఒక్కటే కాదు. పగటికి మధ్య బిందువు, అంటే సూర్యుడు అన్నింటికంటే ఎత్తులో ఉండే నిజమైన మిట్టమధ్యాహ్నం, గడియారంలో 12 దగ్గర నిలబడదు. విజయవాడలో నవంబర్ 22న అది 11:54కి వస్తుంది. డిసెంబర్ 21న 12:05కి. జనవరి 20న 12:18కి. రెండు నెలల్లో దాదాపు 25 నిమిషాలు వెనక్కి జరిగింది. ఈ రెండు నెలల్లో మన పగటి నిడివి మారింది పది నిమిషాల లోపే. పగలు అనే చాప పెద్దగా కురచ కాలేదు, కానీ చాప మొత్తాన్ని ఎవరో సాయంత్రం వైపు లాగారు. దాంతో రెండు అంచులూ వెనక్కి వెళ్లాయి.

చాపని లాగేది ఎవరు? భూమి తన చుట్టూ ఒక పూర్తి చుట్టు తిరిగేలోపు సూర్యుడి చుట్టూ కూడా కొంత దూరం ముందుకు వెళ్తుంది. కాబట్టి సూర్యుడు మళ్లీ నడినెత్తి దారికి రావాలంటే భూమి ఇంకో డిగ్రీ దాకా అదనంగా తిరగాలి. ఆ అదనపు తిరుగుడు ఏడాదంతా ఒకేలా ఉండదు. జనవరి మొదట్లో భూమి సూర్యుడికి దగ్గరగా ఉంటుంది కాబట్టి తన దారిలో వేగంగా పోతుంది, అదనంగా తిరగాల్సింది పెరుగుతుంది. పైగా డిసెంబర్, జూన్ నెలల్లో సూర్యుడి దారి భూమధ్యరేఖకి సమాంతరంగా ఉంటుంది. అప్పుడు సూర్యుడి కదలిక మొత్తం తూర్పు వైపే లెక్కకొస్తుంది, మార్చి, సెప్టెంబర్ నెలల్లోలాగా కొంత ఉత్తర దక్షిణాలకి పోదు. డిసెంబర్ చివర్లో ఈ రెండు కారణాలూ ఒకే వైపు తోస్తాయి. అందుకే ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం నుంచి మరుసటి మధ్యాహ్నానికి 24 గంటల మీద దాదాపు 30 సెకన్లు ఎక్కువ పడుతుంది. గడియారం మాత్రం సరిగ్గా 24 గంటలే చూపిస్తుంది. రోజుకి అర నిమిషం చొప్పున నెలకి పావుగంట.

జూన్‌లో కూడా ఇలాగే జరుగుతుంది, కానీ తక్కువగా. అప్పుడు భూమి సూర్యుడికి దూరంగా, నెమ్మదిగా ఉంటుంది కాబట్టి రెండు కారణాలూ ఒకదాన్ని ఒకటి కొంత కొట్టేసుకుంటాయి. విజయవాడలో పొద్దు అన్నింటికంటే ముందు పొడిచేది జూన్ మొదటి వారంలో, 5:34కి. అన్నింటికంటే ఆలస్యంగా కుంకేది జూలై మొదటి వారంలో, 6:44కి.

ఈ మధ్యాహ్నం జరుగుడు ప్రపంచమంతా ఒకటే. మరి లండన్ వాళ్లకి నవంబర్‌లోనే ముందుగా చీకటి పడదెందుకు? వాళ్ల దగ్గర పగటి నిడివి అంత వేగంగా మారుతుంది కాబట్టి ఈ అర నిమిషం దాని ముందు ఓడిపోతుంది. లండన్‌లో తొందరగా పొద్దు కుంకేది డిసెంబర్ 12 ప్రాంతంలో, ఆలస్యంగా పొడిచేది ఏడాది చివర్లో. డిసెంబర్ 21కి అటూ ఇటూ పది రోజులే. మన దగ్గర అటూ ఇటూ నెల. ఇంకా కిందికి, సింగపూర్‌కి వెళ్తే పగటి నిడివి ఏడాదంతా 12 గంటల దగ్గరే ఉంటుంది. అయినా అక్కడ పొద్దు పొడిచే టైము అరగంట దాకా ముందుకీ వెనక్కీ ఊగుతుంది. అక్కడ వాలు చేసే పని పగటి నిడివిలో దాదాపు కనపడదు, కనపడేదంతా ఈ చాప లాగుడే.

మరి ఉత్తరాయణం సంక్రాంతికి కదా అంటారు. సూర్యుడు ఉత్తరానికి తిరిగేది డిసెంబర్ 21, 22 తేదీల్లో. భూమి ఇరుసు బొంగరంలా చాలా నెమ్మదిగా తల తిప్పుతుంది కాబట్టి, నక్షత్రాలని బట్టి లెక్కించే మకర సంక్రమణం సుమారు 72 ఏళ్లకి ఒక రోజు చొప్పున దాన్నుంచి దూరం జరిగింది. దాదాపు 1700 ఏళ్ల కింద రెండూ ఒకేసారి వచ్చేవి.

సోలార్ పంపు ఉన్నవాళ్లకి ఈ మధ్యాహ్నం జరుగుడు పనికొస్తుంది. ప్యానెళ్లు దక్షిణానికి సరిగ్గా పెట్టారో లేదో చూడాలంటే 12 గంటల నీడని కాకుండా, ఆ రోజు నిజమైన మధ్యాహ్నపు నీడని చూడాలి. ఒక నిటారు కర్ర పాతి, నీడ అన్నింటికంటే పొట్టిగా అయిన క్షణం పట్టుకుంటే చాలు. ఆ నీడ సరిగ్గా ఉత్తర దక్షిణాలుగా పడుతుంది. విజయవాడలో మీటరు కర్రకి డిసెంబర్ 21న ఆ పొట్టి నీడ సుమారు 84 సెంటీమీటర్లు, ఉత్తరం వైపు. జూన్ 21న 12 సెంటీమీటర్లే, అదీ దక్షిణం వైపు. మే 6, ఆగస్టు 7 ప్రాంతాల్లో నీడే ఉండదు. ఆ రెండు తేదీల మధ్య మన మధ్యాహ్నపు ఎండ ఉత్తరం నుంచి వస్తుంది. షేడ్‌నెట్ దక్షిణం పక్క మాత్రమే దించి, వేసవిలో కూడా అదే చాలనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

మొక్క దేన్ని కొలుస్తుంది

మొక్కకి గడియారం లేదు కదా, 11:54కి మధ్యాహ్నమైనా, 12:18కైనా దానికి పట్టింపు లేదు. అది చూసేది రాత్రి నిడివి. చీకటి మొదలైనప్పటి నుంచి తెల్లారేదాకా ఎంతసేపు ఆగకుండా చీకటి ఉందో ఆకులు కొలుస్తాయి. గోంగూర, కంది, చామంతి, సోయా చిక్కుడు, ఇవన్నీ రాత్రి ఒక హద్దు దాటి పెరిగాకే పూతకి తిరుగుతాయి. డిప్లొమాలో వీటికి పొట్టిపగటి మొక్కలు అని చెప్పారు. పొడుగురాత్రి మొక్కలు అంటే సరిగ్గా ఉండేది.

ఆ తమ్ముడి పొలం లెక్క వేద్దాం. తెనాలి విజయవాడకి దగ్గరే కాబట్టి అవే అంకెలు. జూన్ మధ్యలో చల్లితే పగలు 13 గంటల మీద. ఆగస్టు 15కి 12 గంటల 41 నిమిషాలు. సెప్టెంబర్ 15కి 12 గంటల 14 నిమిషాలు. ఇంతవరకు మొక్క ఆకు, కొమ్మ మీదే ఉంటుంది. సెప్టెంబర్ చివర నుంచి రాత్రి పెద్దదై అక్టోబర్‌లో మొగ్గ కనపడుతుంది. అంటే ఆకు కోసుకోవడానికి మూడు నెలలు దొరికాయి. అక్టోబర్ మొదటి వారంలో చల్లితే? మొలక లేచేసరికే పగలు 12 గంటలకి లోపు. అక్టోబర్ 15కి 11 గంటల 47 నిమిషాలు, ఆ తర్వాత కూడా తగ్గుడే. రెండు మూడు వారాల పసి దశ దాటగానే మొక్కకి పూతకి రమ్మనే కబురు సిద్ధంగా ఉంది. ఎంత జీవామృతం పోసినా ఆ కబురు ఆగదు. విత్తనం అసలుదే, అది చేయాల్సిన పనే చేసింది.

ఇందులో ఒక జాగ్రత్త ఉంది. సరిగ్గా ఎన్ని గంటల దగ్గర మొగ్గ తిరుగుతుందనేది రకాన్ని బట్టి మారుతుంది, వేడిని బట్టి కూడా కొంత మారుతుంది. పైగా పొద్దు కుంకాక ఉండే సంధ్య వెలుతురులో కొంత భాగాన్ని కూడా మొక్క పగలుగానే లెక్కేస్తుంది. మన దగ్గర అది ఒక్కో పక్క ఇరవై నిమిషాల పైన ఉంటుంది. కాబట్టి పగటి నిడివి అంకెని పట్టుకుని పూత తేదీ చెప్పేస్తానంటే కుదరదు. కానీ ఒకే రకం, ఒకే ఊళ్లో అయితే ఏటా దాదాపు అదే పది రోజుల్లో మొగ్గ వేస్తుంది. ఎందుకంటే వాన ముందూ వెనకా అయినా రాత్రి నిడివి మాత్రం ఏ తేదీకి ఆ తేదీకి తప్పదు.

విత్తనం తేడానా, పొద్దు తేడానా అని తెలుసుకోవడం తేలికే. పొలంలో ముందు చల్లిన మడి, నెల తర్వాత చల్లిన మడి రెండూ ఉంటే చూడండి. చల్లి ఎన్ని రోజులైందన్నదానితో సంబంధం లేకుండా రెండూ దగ్గర దగ్గర తేదీల్లోనే మొగ్గ వేస్తే అది పొద్దు పనే. కల్తీ అయితే ఒకే మడిలో కొన్ని మొక్కలు మొగ్గ వేసి, పక్కవి వేయవు, ఆకు తీరు కూడా వేరుగా ఉంటుంది. వీధి దీపం పక్కనున్న మొక్కలు కూడా సాక్ష్యం చెప్తాయి. సోయా చిక్కుడు పొలంలో దీపం వెలుగు పడినంత మేర మొక్కలు పచ్చగా ఉండి, మిగతా పొలం కాయ పట్టి పండిపోతుంది. ఆ మొక్కలకి రాత్రి పొడుగవలేదు మరి.

చామంతి రైతులు దీన్నే వాడుకుంటారు. రాత్రి పది నుంచి రెండు దాకా తోటలో బల్బులు వేసి పొడవైన చీకటిని రెండు ముక్కలు చేస్తారు. మొక్క దాన్ని రెండు చిన్న రాత్రులుగా లెక్కేసుకుని పూతకి పోకుండా పెరుగుతుంది. కావలసిన ఎత్తు వచ్చాక బల్బులు ఆపేస్తారు. పూల ధరకి ఈ ఖర్చు గిట్టుతుంది. గోంగూర కట్టకి గిట్టదు, అనవసరంగా బల్బులు కొనకండి.

చలికాలంలో గోంగూర వేసుకోవాలంటే పద్ధతి మార్చాలి. కోత కోత మీద ఆశ పెట్టుకోకుండా విత్తనం ఒత్తుగా చల్లి, 25 నుంచి 30 రోజుల్లో మొక్కని వేరుతో పీకి కట్ట కట్టేయాలి. మొగ్గ వచ్చేలోపే మడి ఖాళీ అవుతుంది. పది రోజులకో మడి చొప్పున చల్లుకుంటూ పోతే మార్కెట్‌కి ఆకు తెగదు. తమ్ముడికి కూడా మిగిలిన పావు ఎకరం ఇలాగే చల్లమన్నాను. షాపు దగ్గరికి వెళ్లి గొడవ పడొద్దని కూడా చెప్పాను.

కందిలోనూ ఇదే సూత్రం. ఖరీఫ్‌లో జూన్, జూలైలో వేస్తే మొక్క నెలల తరబడి కొమ్మలు వేసి గుబురు కడుతుంది కాబట్టి సాళ్ల మధ్య నాలుగు, ఆరు అడుగులు కూడా వదులుతాం. సెప్టెంబర్, అక్టోబర్‌లో వేసే రబీ కంది పొట్టిగానే పూతకి వస్తుంది. అందుకే సాళ్లు అడుగున్నర, రెండు అడుగులకి దగ్గర చేసి, విత్తనం పెంచి వేస్తాం. ఖరీఫ్ దూరంలో రబీ కంది వేస్తే నేల ఖాళీగా పడి ఉంటుంది, మొక్క దాన్ని నింపలేదు.

న్యూజెర్సీ నుంచి అడిగినవాళ్లకి

అమెరికాలో పెరట్లో గోంగూర వేసుకునే మనవాళ్లు చాలామంది విత్తనం కట్టుకోవడం ఎలా అని అడుగుతున్నారు. న్యూజెర్సీలో ఎడిసన్ వైపు అక్షాంశం 40 డిగ్రీలు దాటుతుంది. జూన్‌లో పగలు 15 గంటలు. ఆగస్టు 15కి కూడా 13 గంటల 48 నిమిషాలు ఉంటుంది, అంటే మన జూన్ కంటే ఎక్కువ. ఆకుకి అంతకంటే మంచి కాలం ఉండదు, మొక్క మనిషెత్తు పెరుగుతుంది. కానీ సెప్టెంబర్ 15కి ఇంకా 12 గంటల 30 నిమిషాలు, అక్టోబర్ 1కి గానీ 11 గంటల 47 నిమిషాలకి దిగదు. మన దగ్గర నెలన్నర పైన పట్టే తగ్గుదల అక్కడ రెండు వారాల్లో అయిపోతుంది. మొగ్గ వేసే వేళకి అక్టోబర్ మంచు వచ్చి మొక్కని చంపేస్తుంది. కాయ ముదరడానికి వ్యవధి దొరకదు.

అక్కడ విత్తనం కావాలంటే ఒకటే దారి. ఒక మొక్కని పెద్ద కుండీలో పెంచండి. ఆగస్టు మొదటి నుంచి సాయంత్రం ఆరింటికి వెలుగు చొరని అట్టపెట్టె బోర్లించి, పొద్దున ఏడింటికి తీయండి. రోజూ చేయాలి. మధ్యలో వరండా లైటు పడ్డా, రెండు రోజులు మర్చిపోయినా మొక్క మళ్లీ ఆకు మీదకి వెళ్లే ప్రమాదం ఉంది. మొగ్గలు స్పష్టంగా కనపడి పువ్వు విచ్చుకునేదాకా కొనసాగించండి. చలి మొదలైనప్పుడు కుండీని ఇంట్లో దక్షిణపు కిటికీ దగ్గరికి మార్చండి. కాయ ఎండి గోధుమ రంగుకి తిరిగాకే కోయండి. డల్లాస్ వైపు వాళ్లకి ఇంత శ్రమ అక్కర్లేదు. అక్కడ గడ్డకట్టే చలి మామూలుగా నవంబర్‌లో గానీ రాదు కాబట్టి, ముందుగా పూతకి వచ్చే రకం అయితే నేల మీదే కాయ ముదిరే అవకాశం ఉంది. పెట్టె ఎంత లోతు ఉండాలి, గాలికి ఎగిరిపోకుండా ఎలా కట్టాలి అన్నది వీడియో చివర్లో చూపించాను.